రీకౌంట్‌లో రెండు లెక్కలు ఒకదానితో ఒకటి కలవాలి, సిస్టమ్‌తో కాదు

ప్రశ్న: "గుంటూరు బ్రాడీపేటలో సూపర్ మార్కెట్ నడుపుతున్నాం, ఐటమ్‌లు సుమారు 6 వేలు. సిస్టమ్ స్టాక్ ప్రింటు తీసి ఇస్తే మా పిల్లలు అన్నీ సరిపోయాయంటున్నారు. అది ఇవ్వకుండా లెక్కపెట్టిస్తే నాలుగు వందల ఐటమ్‌లకు తేడా వస్తోంది. అన్నీ మళ్ళీ లెక్కపెట్టించాలా? ఎవరితో చేయించాలి? ఎంత తేడా వరకు వదిలేయవచ్చు?"

సమాధానం:

ఆ నాలుగు వందల తేడాలను చూసి మీరు కంగారు పడనవసరం లేదు. మీ దుకాణం అసలు పరిస్థితి మీకు మొదటిసారి కనబడింది ఆ రిపోర్టులోనే. "అన్నీ సరిపోయాయి" అని వచ్చిన పాత షీట్లనే అనుమానించాలి. నేను విజయవాడలో 17 ఏళ్ళుగా సూపర్ మార్కెట్ల స్టాక్ లెక్కింపులు చేయిస్తున్నాను. ఈ పనిలో నేను గట్టిగా పట్టుకున్న నియమం ఒక్కటే: సిస్టమ్‌లో ఉన్న అంకెను ఒకే ఒక్క పనికి వాడాలి, అంటే ఏ ఐటమ్‌ను రెండోసారి లెక్కించాలో ఎంచుకోవడానికి మాత్రమే వాడాలి. ఏ లెక్క సరైనదో తేల్చడానికి దాన్ని వాడకూడదు. మీరు అడిగిన మూడు విషయాలకూ జవాబు ఈ నియమంలోనుంచే వస్తుంది.

ముందుగా బ్లైండ్ కౌంట్, అంటే సిస్టమ్ అంకె తెలియకుండా లెక్కించడం సంగతి చూద్దాం. షీటు మీద సిస్టమ్ అంకె తీసేస్తే లెక్కింపు బ్లైండ్ అయిపోయిందని చాలామంది అనుకుంటారు, కానీ ఆ అంకె వేరే దారుల్లో లోపలికి వస్తుంది. కొన్ని చేతి స్కానర్లలో కొట్టిన సంఖ్య స్టాక్‌తో కలవకపోతే బీప్ చేసి "ఖాయమేనా?" అని అడిగే సెట్టింగు ఉంటుంది. మనిషి 46 అని కొడితే బీప్ వస్తుంది, 47 కొట్టినా వస్తుంది, 48 కొట్టగానే ఆగిపోతుంది. ఇక లెక్క 48 అయిపోతుంది. గోడౌన్ గదిలో స్టాకుల మీద అంటించిన నిల్వ కార్డులు కూడా ఇదే పని చేస్తాయి కాబట్టి లెక్కింపు సాయంత్రం వాటిని తీసి పక్కన పెట్టించాలి. నూనెల సెక్షన్ చూసే అబ్బాయికి నూనె ఎంత ఉండాలో ఏ షీటూ చెప్పనక్కరలేదు, ఇండెంట్ పెట్టింది అతనే. అందుకని అతన్ని సబ్బుల వైపుకు, సబ్బుల సెక్షన్ అమ్మాయిని బిస్కెట్ల వైపుకు పంపాలి. ఇద్దరిద్దరిని జతగా వేసి, ఒకరు లెక్కించి పైకి చెబుతుంటే ఇంకొకరు స్కాన్ చేసి రాయాలి. మొత్తం ఒక్క అంకెగా కాకుండా షెల్ఫ్ మీద ఎన్ని, ర్యాక్ చివర ఉన్న డిస్‌ప్లేలో ఎన్ని, గోడౌన్‌లో ఎన్ని అని చోటు చోటుకూ విడిగా రాయించాలి. ఇది ఎందుకో కింది ఉదాహరణలో తెలుస్తుంది.

లీటరు సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ ఒకటి తీసుకుందాం. కేసుకు 12 ప్యాకెట్లు. సిస్టమ్‌లో 214 ఉన్నాయి. మొదటి జత షెల్ఫ్‌లో 38, చివరి డిస్‌ప్లేలో 44, గోడౌన్‌లో 10 కేసులు అంటే 120, మొత్తం 202 రాసింది. 12 ప్యాకెట్లు తక్కువ వచ్చాయి కాబట్టి ఇది రీకౌంట్‌కు వెళ్ళింది. రెండో జత షెల్ఫ్‌లో 38, డిస్‌ప్లేలో 44, గోడౌన్‌లో 11 కేసులు అంటే 132 అని రాసింది, మొత్తం 214. సిస్టమ్‌తో అచ్చంగా కలిసింది. దాదాపు అన్ని దుకాణాల్లోనూ ఇక్కడే ఆపేసి, మొదటి జత ఒక కేసు చూడకుండా వదిలేసిందని రాసుకుని ముందుకు పోతారు. మా నియమం ప్రకారం ఆపకూడదు, ఎందుకంటే గోడౌన్ దగ్గర రెండు జతల లెక్కలు ఒకదానితో ఒకటి కలవలేదు. సూపర్‌వైజర్ వెళ్ళి ఆ ఒక్క చోటునే మూడోసారి లెక్కించాడు. నిండు కేసులు 10 ఉన్నాయి, పదకొండో కేసు టేపు ఒక పక్క విప్పి మళ్ళీ మూసి ఉంది, తెరిస్తే లోపల 7 ప్యాకెట్లే ఉన్నాయి. గోడౌన్ లెక్క 127, మొత్తం 209, నిజమైన తగ్గుదల 5. మొదటి జత విప్పిన కేసును అసలు లెక్కలోకి తీసుకోలేదు, రెండో జత దాన్ని నిండు కేసుగా లెక్కించింది. రెండో లెక్క సిస్టమ్‌తో కలవడం కేవలం యాదృచ్ఛికం, ఆ యాదృచ్ఛికాన్ని నమ్మి ఉంటే పోయిన 5 ప్యాకెట్ల సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. మొదటి లెక్క సిస్టమ్‌తో కలిస్తే రీకౌంట్ లేకుండా ఒప్పుకుంటున్నప్పుడు, రెండో లెక్క కలిస్తే ఎందుకు ఒప్పుకోకూడదని అడగవచ్చు. మొదటిసారి కలిసినప్పుడు దానికి ఎదురు చెప్పే సాక్ష్యం మన చేతిలో ఏదీ లేదు. రెండోసారి అయితే ఇద్దరు మనుషులు ఒకే చోటును చూసి రెండు అంకెలు చెప్పారు, అంటే వారిలో కనీసం ఒకరు పొరబడ్డారని మనకు ఖాయంగా తెలుసు. ఎవరు పొరబడ్డారో తేల్చవలసింది ఆ చోటుకు వెళ్ళే మూడో మనిషే కాని కంప్యూటర్ కాదు. అందుచేత రీకౌంట్ నియమాన్ని ఇలా రాసుకోండి: రెండో లెక్క ప్రతి చోటా మొదటి లెక్కతో కలిస్తే, సిస్టమ్‌కు ఎంత దూరంగా ఉన్నా అదే అసలు లెక్క. కలవకపోతే, కలవని చోటును మాత్రం మూడోసారి సూపర్‌వైజర్ లెక్కించాలి. ఆ మూడో అంకె ముందు రెండింటిలో ఒకదానితో కలిస్తే అది ఖాయం అవుతుంది. మూడూ మూడు రకాలుగా వస్తే, సరుకును కిందికి దించి కేసులు విప్పి, అందరి ముందూ ఒకసారి లెక్కించాలి. మా నూనె ఉదాహరణలో జరిగింది ఇదే. మూడింటి సగటు తీయడం, సిస్టమ్‌కు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవడం ఎప్పుడూ చేయకూడదు.

రీకౌంట్ చేసే జత మొదట లెక్కించిన జత కాకూడదు, వారికి మొదటి అంకె కూడా తెలియకూడదు. దీన్ని మించిన సమస్య ఒకటుంది. రీకౌంట్ జాబితా చేతికి రాగానే ఇవన్నీ తేడా వచ్చినవేనని వారికి తెలిసిపోతుంది, ఎక్కువమంది తక్కువే వచ్చి ఉంటుందని ఊహించి మూలమూలలా వెతుకుతారు. దీనికి నేను చేసేది ఏమిటంటే, ప్రతి నాలుగు తేడా ఐటమ్‌లకు ఒకటి చొప్పున, మొదటి లెక్కలో సరిగ్గా కలిసిన ఐటమ్‌ను కూడా జాబితాలో కలుపుతాను. ఏది ఏదో వారికి తెలియదు. సరిగ్గా ఉన్నవాటిని కూడా రెండో జత తేడాగా చూపిస్తుంటే, లెక్కించడంలోనే లోపం ఉందని అర్థం. సూపర్‌వైజర్ నోరు కూడా అదుపులో ఉండాలి. "ఇంకోసారి చూడమ్మా, ఇంకా ఉండాలి" అనే ఒక్క మాటతో అంత జాగ్రత్తా వృథా అవుతుంది.

ఇప్పుడు నేను స్వయంగా చేసిన తప్పు చెబుతాను, ఎందుకంటే మీరు కూడా అటే వెళ్ళే అవకాశం చాలా ఎక్కువ. చాలా ఏళ్ళ కిందట పటమటలో ఒక దుకాణం లెక్కింపుకు నేను బాధ్యుణ్ణి. మొదటి లెక్కలో తక్కువ వచ్చిన సరుకు విలువ 1,84,000 రూపాయలు, ఎక్కువ వచ్చిన సరుకు విలువ 1,21,000 రూపాయలు, నికరంగా 63,000 తక్కువ. అంకెలు గుండ్రంగా చెబుతున్నాను. అప్పటికి రాత్రి రెండు దాటింది, తక్కువ వచ్చినవాటినే మళ్ళీ లెక్కిద్దామని యజమాని అన్నారు, నేను సరేనన్నాను. వెతికితే కొంత సరుకు దొరికింది, తక్కువ 92,000కు దిగింది. ఎక్కువ వచ్చినవాటి జోలికి మేము వెళ్ళలేదు. దాంతో దుకాణంలో 29,000 రూపాయల సరుకు అదనంగా ఉన్నట్టు లెక్క తేలింది, అందరూ సంతోషంగా ఇళ్ళకు వెళ్ళారు. మూడు నెలల తర్వాతి లెక్కింపులో తక్కువ ఒక్కసారిగా పెరిగింది, అనుమానం సిబ్బంది మీదికి మళ్ళింది. నేను పాత షీట్లు ముందు పెట్టుకుని చూస్తే, ఆ రోజు ఎక్కువగా చూపిన 1,21,000లో 80,000 తప్పుడు లెక్కే. ఒకే కేసును రెండు జతలు లెక్కించడం, 6 పీసులను 6 కేసులుగా కొట్టడం వంటివే అన్నీ. రెండు వైపులా రీకౌంట్ చేసి ఉంటే ఎక్కువ 41,000 దగ్గర, నికరం 51,000 తక్కువ దగ్గర నిలిచేది. లేని 80,000 సరుకును మేమే సిస్టమ్‌లో ఎక్కించి, మూడు నెలల తర్వాత అది పోయిందని పిల్లల్ని నిలదీశాం. ఆ పిల్లల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. తక్కువ, ఎక్కువ రెండింటికీ ఒకే పరిమితి, ఒకే రీకౌంట్ ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. రిపోర్టులో నికర తేడాతో పాటు, ప్లస్, మైనస్ గుర్తులు తీసేసి రెండు వైపుల తేడాలనూ కూడిన మొత్తాన్ని కూడా తప్పక చూడండి. ఆ రోజు మా నికర తేడా 63,000 అయితే, ఆ మొత్తం 3,05,000. లెక్కింపు ఎంత అధ్వానంగా జరిగిందో ఆ రెండో అంకె అరిచి చెబుతోంది, మేము వినలేదు.

ఇక టాలరెన్స్, అంటే తేడాకు పెట్టుకునే పరిమితి. మీరు "వదిలేయవచ్చు" అన్న మాటను మార్చుకోవాలి. పరిమితి లోపల ఉన్న తేడాను వదిలేయడం కాదు, దాన్ని రీకౌంట్ లేకుండా మొదటి లెక్క ప్రకారమే సిస్టమ్‌లో సరిచేయాలి. పరిమితి దాటినదాన్ని రీకౌంట్ చేసి సరిచేయాలి. రెండు సందర్భాల్లోనూ చివరకు సిస్టమ్‌లో ఉండవలసింది లెక్కించిన అంకే.

పరిమితిని శాతంలో మాత్రమే పెడితే పని జరగదు. 5 రూపాయల బిస్కెట్లు 900 ఉంటే 2 శాతం అంటే 18 ప్యాకెట్లు, విలువ వంద రూపాయలు కూడా ఉండదు, దాని కోసం ఇద్దరు మనుషుల సమయం దండగ. లీటరు నెయ్యి 40 డబ్బాలుంటే ఒక్క డబ్బా తేడా 2.5 శాతమే, కాని అది పోవడం ఆరేడు వందల మాట. పుస్తకంలో 4 ఉన్న మసాలా ప్యాకెట్ ఒకటి తగ్గితే 25 శాతం, విలువ ముప్పై రూపాయలు. అందుచేత నేను కిరాణా, సబ్బులు, బిస్కెట్ల వంటి సాధారణ సరుకుకు రెండు గేట్లు పెడతాను: కొన్న ధరలో తేడా 400 రూపాయలు దాటినా, లేదా తేడా 5 పీసులకు మించి ఉండి అది స్టాకులో 3 శాతం దాటినా, రెండింటిలో ఏది ముందు తగిలితే దానితో రీకౌంట్. నెయ్యి, జీడిపప్పు, బాదం, షేవింగ్ బ్లేడ్లు, పసిపిల్లల పాలపొడి, డియోడరెంట్లు వంటి చిన్నగా ఉండి ఖరీదైన వాటికి పరిమితి సున్నా, ఒక్క పీసు తేడా వచ్చినా రీకౌంటే. తూకం వేసి అమ్మే విడి పప్పులు, చింతపండు, ఎండుమిర్చికి బరువులో 1 నుంచి 2 శాతం ఇవ్వాలి, ఎందుకంటే తేమ ఆరిపోవడం వల్ల, గ్రాములను సరిచేసి తూచడం వల్ల అంత తరుగు ఎవరి తప్పూ లేకుండానే వస్తుంది. వాటిని తూచేటప్పుడు ట్రే బరువు తీసేశారో లేదో చూడండి. కూరగాయలను ఈ లెక్కలో కలపకండి, వాటికి రోజువారీ లెక్క వేరుగా ఉండాలి.

ఈ 400 రూపాయలు నేను ఎక్కడినుంచో తెచ్చిన అంకె కాదు, మీ దుకాణానికి అది 250 కావచ్చు, 600 కావచ్చు. దాన్ని మీ మనుషుల సమయం నుంచి తీయాలి. ఒక ఐటమ్‌కు ఉన్న చోట్లన్నీ తిరిగి లెక్కించడానికి ఒక జతకు రెండు నిమిషాలకు పైనే పడుతుంది, గంటకు 25 ఐటమ్‌లు దాటవు. రెండు జతలు మూడు గంటలు చేస్తే 150. అందులో మొదటి లెక్కలో కలిసిన ఐటమ్‌ల కోసం 30 తీసేస్తే తేడా ఐటమ్‌లకు 120 మిగులుతాయి. మీ దగ్గరున్న నాలుగు వందల తేడాల రిపోర్టును గుర్తులు పట్టించుకోకుండా రూపాయల విలువ ప్రకారం పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా పెట్టండి. పై గేట్ల ప్రకారం రీకౌంట్‌కు వచ్చేవి 120 దగ్గర ఆగుతున్నాయా చూడండి. చాలా ఎక్కువైతే ఒక జతను పెంచాలి, లేదా పరిమితిని కాస్త పెంచాలి. ఏదైనా లెక్కింపుకు ముందే నిర్ణయించి కాగితం మీద రాసి సంతకం చేయండి. రాత్రి ఒంటి గంటకు నిద్ర ముంచుకొస్తున్నప్పుడు పరిమితిని పెంచడం మొదలుపెడితే ఇక దానికి అంతు ఉండదు.

ఒక్క ర్యాక్‌లోనే పదింట ఒకటికి మించి ఐటమ్‌లు పరిమితి దాటితే, ఐటమ్‌ల వారీ రీకౌంట్ మానేసి ఆ ర్యాక్ మొత్తాన్ని వేరే జతతో మొదటినుంచి లెక్కించండి. అక్కడ లోపం సరుకులో కాక లెక్కించిన తీరులోనే ఉంటుంది, ఐటమ్ ఐటమ్‌గా వెతికితే మీ 120 అక్కడే ఖర్చయిపోతాయి.

రీకౌంట్ జాబితా తీయడానికి ముందు ఇంకొక వడపోత ఉంది, మన వైపు దుకాణాల్లో ఇది చాలా పని తగ్గిస్తుంది. 2025 సెప్టెంబర్ 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు, తలనూనెల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు, ఒకే బార్‌కోడ్ ఉన్న సరుకు పాత ఎంఆర్‌పీతో కొంత, కొత్త ఎంఆర్‌పీతో కొంత షెల్ఫ్ మీదికి వచ్చింది. సిస్టమ్ ఎంఆర్‌పీ వారీగా స్టాక్ పెడితే, పాత ధర తలనూనె 40 ఉండాల్సిన చోట 31, కొత్త ధరది 25 ఉండాల్సిన చోట 34 వస్తాయి. రెండు వరుసల్లోనూ 9 చొప్పున తేడా చూపిస్తుంది, కలిపితే 65కు 65 ఉన్నాయి. కాబట్టి పరిమితిని ఎంఆర్‌పీ వారీగా కాకుండా ఒకే సరుకు, ఒకే సైజు మొత్తం మీద చూడాలి. మొత్తం కలిస్తే సీసాల మీద ధరలు ఒకసారి చూసి సరిచేస్తే చాలు. అయితే వేరే సైజుకో, వేరే వాసన ఉన్న సబ్బుకో ఇలా చెల్లు వేయకండి. బిల్లింగ్‌లో ఒక రకం స్కాన్ చేసి క్వాంటిటీ 6 కొట్టడం వల్ల గులాబీ సబ్బు తక్కువ, గంధం సబ్బు ఎక్కువ రావడం నిజమే, కాని రెండు వైపులా రీకౌంట్ అయ్యాకే ఆ మాట అనాలి. బియ్యం దగ్గర కూడా ఇదే జాగ్రత్త అవసరం. 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్‌కు జీఎస్టీ పడ్డాక 26 కిలోల బస్తాలు వచ్చాయి. ఒకే మిల్లు, ఒకే రంగు, ఒకే బొమ్మ ఉన్న సాంబ మసూరి బస్తాలు 25వి, 26వి ఒకే దొంతరలో కలిసి ఉంటాయి. దొంతరను ముందువైపు నుంచి చూసి లెక్కిస్తే రెండింటికీ తేడా వస్తుంది, బస్తా మీద ముద్రించిన బరువు చదివి లెక్కించాల్సిందే.

పరిమితి లోపలి తేడాలను సరిచేసి మరచిపోతే ఒక ప్రమాదం ఉంది. ప్రతి లెక్కింపులోనూ రెండేసి కాఫీ పొడి ప్యాకెట్లు తగ్గుతూ, ప్రతిసారీ పరిమితి లోపలే ఉండి, ప్రతిసారీ కొత్త లెక్కతో మొదలైతే ఆ దొంగతనం ఎప్పటికీ రీకౌంట్ దాకా రాదు. కాబట్టి సరిచేసిన తేడాల జాబితాను దాచండి. ఒకే ఐటమ్ వరుసగా మూడు లెక్కింపుల్లో ఒకే వైపుకు జారితే, విలువ ఎంత చిన్నదైనా నాలుగోసారి దాన్ని సున్నా పరిమితి జాబితాలో చేర్చండి.

పోయినట్టు రాసే సరుకు విషయంలో మీ అకౌంటెంట్‌కు కూడా పని ఉంటుంది. పోయిన, దొంగిలించబడిన, నాశనమైన, లెక్కలోంచి కొట్టేసిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్) ప్రకారం వెనక్కి కట్టాలి. రీకౌంట్ చేయకుండా తొందరపడి కొట్టేసిన కేసు రెండు వారాల తర్వాత మెట్ల కింద దొరికితే, మీరు ఉన్న సరుకుకు క్రెడిట్ పోగొట్టుకున్నట్టే. సిస్టమ్‌లో స్టాక్ ఉండి ఎవరూ స్కాన్ చేయని ఐటమ్‌ల జాబితా కూడా విడిగా తీయించి, ప్రతిదాని చోటుకూ మనిషిని పంపి చూశాకే సున్నా రాయండి. ఆ జాబితాలో ఎక్కువ భాగం నిజంగా అయిపోయిన సరుకు కాదు, డ్యామేజ్ పెట్టెలోనో, బిల్లింగ్ కౌంటర్ దగ్గర తిరిగి వచ్చిన బుట్టలోనో ఉన్న సరుకు.

చివరగా సమయం గురించి ఒక మాట. రాత్రి బిల్లింగ్ మూసి, ఆ రోజు వచ్చిన సరుకు ఇన్‌వర్డ్ మొత్తం ఎక్కించాకే సిస్టమ్ స్టాక్‌ను నిలిపి ఉంచాలి. రీకౌంట్ కూడా ఉదయం షట్టర్ ఎత్తేలోపే ముగియాలి. కొన్ని మిగిలిపోతే వాటిని పగలు లెక్కించవచ్చు, కాని లెక్కించిన గంట, నిమిషం షీటు మీద రాసి, షట్టర్ ఎత్తినప్పటినుంచి ఆ నిమిషం దాకా బిల్లయిన పీసులను ఆ అంకెకు కలపాలి. ఇలా కలపడం మరచిపోతే ఉదయం అమ్మిన నాలుగు నూనె ప్యాకెట్లు సాయంత్రానికి షార్టేజీ అయి కూర్చుంటాయి.